క్లిక్కులు వస్తున్నాయి, ఆర్డర్లే రావడం లేదు

యాడ్ నొక్కినవాళ్లు కొనకపోతే చాలామంది మొదట యాడ్‌నే మార్చేస్తారు. పేజీలో లోపముంటే ఆ డబ్బు కూడా వృథాయే. తప్పు ఎక్కడుందో తేల్చడానికి మూడు కొలతలు చాలు, కానీ వరుస ముఖ్యం.

పోచంపల్లి ఇక్కత్ చీరలు అమ్మే ఒక దుకాణం ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు యాడ్లు వేసిందనుకుందాం. మెటా యాడ్స్ మేనేజర్‌లో 1,000 లింక్ క్లిక్కులు కనిపించాయి, ల్యాండింగ్ పేజ్ వ్యూస్ మాత్రం 600. పొరపాటున వేలు తగిలిన క్లిక్కులు కొన్ని ఉంటాయి. అయినా తేడా ఇంత ఉంటే ముందు అనుమానించాల్సింది వేగాన్నే. గూగుల్ లెక్కలో పేజీలోని ప్రధాన బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపిస్తే మంచిది, 4 సెకన్లు దాటితే బాగా నెమ్మది. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ ఫలితం చూడండి. ఆఫీసు వైఫైలో చకచకా తెరుచుకున్న పేజీ, కొనేవాళ్ల ఫోన్లో అలా తెరుచుకోకపోవచ్చు. ఎక్కువసార్లు దోషం కుదించకుండా పెట్టిన పెద్ద ఫొటోలదే.

వేగాన్ని ముందు సరిచేయాలనడానికి ఇంకో కారణముంది. లెక్కించే కోడ్ లోడ్ కాకముందే వెళ్లిపోయినవాళ్లు గూగుల్ అనలిటిక్స్‌కు అసలు కనిపించరు. అంటే నెమ్మది పేజీకి కూడా బౌన్స్ రేటు బాగున్నట్టు తేలవచ్చు.

ఇక బౌన్స్ రేటు. అనలిటిక్స్ ప్రస్తుత రూపంలో పది సెకన్లకు మించి ఉండకుండా, రెండో పేజీ చూడకుండా, మీరు ముఖ్యమని గుర్తుపెట్టిన పనేదీ చేయకుండా వెళ్లిన సందర్శనే బౌన్స్. ఆ అంకెను ఒంటరిగా చూస్తే ఏమీ తేలదు. ప్రతి యాడ్ లింకుకూ వేరే `utm_content` పేరు తగిలించి, ఒకే పేజీకి వచ్చినవాళ్లను యాడ్ల వారీగా పోల్చండి. వాట్సాప్ లింకుతో వచ్చినవాళ్లలో 30 శాతం, రెండో యాడ్‌తో 40 శాతం, మొదటి యాడ్‌తో 80 శాతం బౌన్స్ అయ్యారనుకోండి. పేజీ అందరికీ ఒకటే కాబట్టి దోషం మొదటి యాడ్‌దే. వాట్సాప్‌లో వచ్చేది పాత ఖాతాదారులు కాబట్టి వాళ్లు ఎలాగూ కాస్త ఆగుతారు. రెండు యాడ్ల మధ్య తేడానే గట్టి సాక్ష్యం. మొదటి యాడ్ తెరిచి చూస్తే ‘999 నుంచి’ అని ఉంది, పేజీలో పైన కనిపించే చీర 6,500. మూడు వనరుల్లోనూ 80 శాతమే వచ్చి ఉంటే పేజీని అనుమానించేవాళ్లం.

రెండో యాడ్‌తో వచ్చినవాళ్లు ఆగుతున్నారు, అయినా కొనడం లేదు. ఇక్కడ స్క్రోల్ లోతు చూడాలి. అనలిటిక్స్ దానంతటది 90 శాతం దిగినప్పుడే నమోదు చేస్తుంది, అది చాలదు. మైక్రోసాఫ్ట్ క్లారిటీలో ఉచితంగా దొరికే స్క్రోల్ మ్యాప్‌లో ఎవరు ఎక్కడిదాకా వెళ్లారో తెలుస్తుంది. నూటికి డెబ్బై మంది ధరదాకా వచ్చి, డెలివరీ, వాపసు వివరాలున్న అడుగుభాగానికి పన్నెండు మందే చేరితే, ఆర్డర్ బటన్ కూడా అక్కడే ఉంటే, యాడ్ తన పని చేసినట్టే. బటన్‌నూ ఆ వివరాలనూ ధర పక్కకే తేవాలి.

ముప్పై నలభై క్లిక్కులతో ఈ తీర్పులు చెప్పకండి. ప్రతి యాడ్‌కూ కనీసం కొన్ని వందల సందర్శనలు చేరాక, ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి.