స్లైడ్ మీద చెరిపితే ఫైల్లోంచి పోదు

2023 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో ఒక పెద్ద కేసు నడిచింది. మైక్రోసాఫ్ట్ సంస్థ ఆక్టివిజన్ అనే వీడియో గేమ్‌ల కంపెనీని కొనకుండా ఆపాలని అమెరికా ప్రభుత్వ సంస్థ వేసిన కేసు అది. అందులో పోటీదారు సోనీకి చెందిన పత్రాలు కూడా కోర్టు ముందుకు వచ్చాయి. బయటికి పొక్కకూడని అంకెల మీద ఎవరో నల్ల మార్కర్‌తో గీసి, స్కాన్ చేసి ఇచ్చారు. స్కాన్ కాపీలో గీత కింద ఉన్న అచ్చు అక్షరాలు చదవడానికి వీలుగానే కనిపించాయి. ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ అనే ఒక్క గేమ్ తయారీకి సుమారు 22 కోట్ల డాలర్లు ఖర్చయిందని లోకానికి అలా తెలిసింది.

ఈ కాలంలో కూడా మార్కరేమిటని నవ్వుకుంటాం గానీ, మన ఆఫీసుల్లో పీపీటీ స్లైడ్ మీద అంకె పైన తెల్ల డబ్బా గీసి ‘తీసేశాం సార్’ అనడం కూడా అదే పని. ఆ డబ్బాను మౌస్‌తో పక్కకి లాగితే అంకె అక్కడే ఉంటుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. మందుల కంపెనీల గోదాముల్లో చల్లదనం ఉండాల్సినంత ఉందో లేదో ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను అమ్ముతుంది. ఏడాది చివర యాజమాన్యం చూసుకోవడానికి 30 స్లైడ్ల పీపీటీ తయారైంది. ఏ క్లయింటు ఎంత కట్టాడు, ఎవరి గోదాములో ఎన్ని సరుకులు పాడయ్యాయి, వచ్చే ఏడాది ధర ఎంత పెంచాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఇంతలో ఒక సదస్సు వాళ్లు మీ అనుభవం మీద రెండు పేజీల సారాంశం ఇవ్వండని అడిగారు. మేనేజరు టీములో చిన్నమ్మాయిని పిలిచి ‘పేర్లూ నంబర్లూ తీసేసి రెండు పేజీలు చేసి పంపెయ్యమ్మా’ అన్నారు. ఈ ఒక్క వాక్యంలో ఎంత పనుందో ఆయనకీ తెలియదు, ఆ అమ్మాయికీ తెలియదు.

మామూలుగా అందరూ ముందు సారాంశం రాసేసి, తర్వాత దాంట్లోంచి పేర్లు తీస్తారు. రెండు పేజీలే కదా, తీయడం తేలికని. కానీ అసలు అంకెలు చూసి రాసినవాళ్ల మాటల్లోకి ఆ అంకెలు తెలియకుండానే దూరిపోతాయి. ‘మా అతిపెద్ద క్లయింటు మార్చిలో వెళ్లిపోయినా ఆదాయం దాదాపు రెట్టింపైంది’ అన్న వాక్యంలో పేరు లేదు, అంకె లేదు. అయినా ఆ రంగంలో ఉన్నవాడికి రెండూ దొరికినట్టే. అందుకని వరస తిప్పాలి. ముందు పీపీటీకి ఒక నకలు తీసి, దాన్ని శుభ్రం చేసి, ఆ నకలును మాత్రమే సారాంశం రాసేవాళ్ల చేతికివ్వాలి. శుభ్రం చేసేవాళ్లు, రాసేవాళ్లు వేరు వేరు మనుషులైతే మరీ మంచిది. చూడని అంకెను ఎవరూ పొరపాటున రాయలేరు.

మరి శుభ్రం చేయడమంటే? స్లైడ్ మీద కనిపించేది ఫైల్లో ఒక భాగమే. ఫైలు పేరు చివర ఉన్న .pptx ను .zip అని మార్చి తెరిస్తే ఆశ్చర్యం వేస్తుంది. లోపల బోలెడన్ని ఫోల్డర్లుంటాయి. ppt/notesSlides లో స్లైడ్ల కింద మాట్లాడేవాళ్లు రాసుకున్న నోట్స్ ఉంటాయి. ‘ఈ స్లైడ్ దగ్గర ఫలానా కంపెనీ వాళ్ల గొడవ ఎత్తకు’ లాంటి మాటలు సాధారణంగా ఉండేది అక్కడే. ppt/media లో బొమ్మలుంటాయి. స్లైడ్ మీద సగానికి కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఇక్కడ నిండుగా కనబడుతుంది. ఎందుకంటే Crop చేసినంత మాత్రాన మిగతా భాగం పోదు. Compress Pictures లోకి వెళ్లి, కత్తిరించిన భాగాలను తొలగించమని విడిగా చెప్పాలి.

అన్నిటికన్నా ప్రమాదమైంది ppt/embeddings. ఎక్సెల్ నుంచి చార్టును కాపీ చేసి స్లైడ్ మీద అతికించేటప్పుడు Embed అన్న ఎంపిక తీసుకుంటే, నాలుగు గీతల చార్టుతో పాటు ఆ ఎక్సెల్ ఫైలంతా, చార్టుతో సంబంధం లేని షీట్లతో సహా, వచ్చి ఇక్కడ కూర్చుంటుంది. చార్టు మీద కుడి క్లిక్ చేసి Edit Data అంటే చాలు, అన్నీ తెరుచుకుంటాయి. మన ఉదాహరణలో చార్టు చూపించేది నాలుగు క్లయింట్ల ఆదాయమే. దాని వెనక వర్క్‌బుక్‌లో మాత్రం జీతాల షీటు కూడా ఉండొచ్చు.

కనబడని షీటు ఎంత నష్టం చేయగలదో ఉత్తర ఐర్లండ్ పోలీసులకు తెలుసు. 2023 ఆగస్టులో సమాచార హక్కు కింద ఎవరో ఏ హోదాలో ఎంతమంది ఉన్నారని అడిగారు. జవాబుగా ఇచ్చిన ఎక్సెల్ ఫైల్లో దాచిన షీటు ఒకటి అలాగే ఉండిపోయింది. 9,483 మంది సిబ్బంది ఇంటిపేర్లు, హోదాలు, పనిచేసే విభాగాలు ఇంటర్నెట్‌లోకి వెళ్లాయి. తీవ్రవాదుల భయంతో ఉద్యోగం సంగతి చుట్టాలకు కూడా చెప్పుకోని మనుషులు వాళ్లలో ఉన్నారు. ఆ పోలీసు విభాగానికి తర్వాత ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా పడింది.

పవర్‌పాయింట్‌లోనే దీనికొక పనిముట్టుంది. File, Info, Check for Issues, Inspect Document. కామెంట్లు, నోట్స్, రాసినవాళ్ల పేర్లు, స్లైడ్ అంచు బయటికి నెట్టిన ముక్కలు ఇది వెతికి పెడుతుంది. తీసేసినవి మళ్లీ తిరిగి రాకపోవచ్చు గనక నకలు మీదే నడపాలి. కానీ దీన్ని నమ్మి చేతులు దులుపుకోకూడదు. ఏది క్లయింటు పేరో దానికి తెలియదు. స్లైడ్ మాస్టర్‌లో మూలన ఉన్న లోగో, బొమ్మకు వర్ణనగా రాసిన పేరు, లింకు అడ్రసులో ఉన్న పేరు దానికి మామూలు అక్షరాలే. లోపలి ఎక్సెల్ సంగతి కూడా అది చెప్పగలిగితే చెబుతుందేమో గానీ, తీసెయ్యడం మన పనే. కాబట్టి చార్టును బొమ్మగా మార్చి అతికించడమే సుళువు. Ctrl+F తో పేరు వెతికితే ఫొటోల్లోని అక్షరాలు దొరకవు. పైగా క్లయింటును ఆఫీసులో పిలిచే పొట్టి పేరు, వాళ్ల ప్రాజెక్టు పేరు, వాళ్ల మేనేజరు పేరు, ఈమెయిల్ చివరి భాగం, ఇవన్నీ విడివిడిగా వెతకాలి. వెతికే ముందు ఈ పేర్ల జాబితా ఒకటి రాసుకోకపోతే మధ్యలో ఏదో ఒకటి మర్చిపోతాం.

ఇంతవరకూ ఓపిక ఉంటే అయ్యే పని. అసలు చిక్కు అంకెల దగ్గరుంది, ఎందుకంటే తీసేసిన అంకెను మిగిలిన అంకెలు పట్టిస్తాయి.

మన కంపెనీకి నలుగురు క్లయింట్లు. ఏడాదికి వాళ్లు కట్టింది 18.6, 11.2, 7.4, 4.8 కోట్ల రూపాయలు. మొత్తం 42 కోట్లు. పెద్ద క్లయింటు అంకె రహస్యమని దాన్నొక్కదాన్నే తీసేసి, మిగతా మూడూ మొత్తమూ ఉంచితే ఎవరైనా తీసివేత చేసి చెప్పేస్తారు. సరే, రూపాయలన్నీ తీసేసి శాతాలు పెడదామనుకున్నారు. పెద్ద క్లయింటు వాటా 44 శాతం. ఈ విభాగం ఆదాయం 42 కోట్లని కంపెనీ వార్షిక నివేదికలో ముందే అచ్చయి ఉంటే, 42లో 44 శాతం 18.48. అసలు అంకెకు పన్నెండు లక్షల దూరం మాత్రమే. బేరం ఆడే పోటీదారుకి అంత దగ్గరగా తెలిస్తే చాలు.

అంకెలేవీ లేని చార్టు కూడా మాట్లాడుతుంది. నిలువు స్కేలు తీసేసి కడ్డీలు మాత్రం వదిలారనుకోండి. పొడవైన కడ్డీ స్క్రీన్ మీద 9.3 సెంటీమీటర్లుంది, రెండోది 5.6 ఉంది. రెండో క్లయింటు ‘మేం ఆ కంపెనీకి 11 కోట్ల చిల్లర కట్టాం’ అని ఎక్కడైనా చెప్పి ఉంటే, స్కూలు స్కేలు పెట్టి కొలిచినవాడికి మొదటి క్లయింటు లెక్క కూడా వచ్చేస్తుంది. గణాంకాల శాఖల వాళ్లకు ఇది పాత సమస్య. పట్టికలో ఒక గడి మూస్తే, దాన్ని లెక్కగట్టనివ్వకుండా ఇంకో గడి కూడా మూస్తారు. మనం కూడా ఒక అంకె తీసినప్పుడల్లా ‘మిగిలినవాటితో ఇది వస్తుందా’ అని కాగితం మీద వేసి చూసుకోవాలి. వస్తుందనుకుంటే ‘సగానికి కొంచెం తక్కువ’ అనో, ‘10 నుంచి 20 కోట్ల మధ్య’ అనో వెడల్పుగా చెప్పాలి, లేదా చార్టే ఎత్తేయాలి. సదస్సుకి వచ్చేవాళ్లకు కావాల్సింది గోదాముల్లో సరుకు పాడవడం ఎలా తగ్గిందన్నది. ఎవరెంత కట్టారో వాళ్లకు అక్కర్లేదు. చాలా సారాంశాల్లో ఆదాయపు స్లైడ్ ఎందుకుందో రాసినవాళ్లకే తెలియదు. అసలు పీపీటీలో ఉంది కాబట్టి వచ్చిందంతే.

పేరు బదులు ‘క్లయింట్ ఏ, బీ, సీ, డీ’ అని రాయడం మంచిదే గానీ, పెద్ద నుంచి చిన్నకు ఆ వరసలో రాస్తే ఎవరు పెద్దో చెప్పినట్టే. పేరులోని మొదటి అక్షరాన్నే గుర్తుగా పెట్టేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా అన్యాయం. చీటీలు తీసి అక్షరాలివ్వడం మేలు. ఏ అక్షరం ఎవరిదో రాసిన కాగితం ఆ ఫోల్డర్‌లో ఉండకూడదు.

వర్ణనల సంగతి మరో కథ. ‘విశాఖ తీరంలోని సమీకృత ఉక్కు కర్మాగారం’ అని రాశాక పేరు దాచి ఏం లాభం? అలాగే మన సారాంశంలో ‘ఐదు రాష్ట్రాల్లో గోదాములున్న, టీకాలు కూడా తయారు చేసే హైదరాబాద్ సంస్థ’ అంటే చదివేవాడు వేళ్ల మీద లెక్కపెట్టి ఒకరిద్దరి దగ్గర ఆగుతాడు. ఊరు తీసి ‘దక్షిణాది’ అనాలి, టీకాల మాట తీసి ‘మందుల తయారీ’ అనాలి. ఒక్కో ముక్క తీసిన కొద్దీ సారాంశం కొంత చప్పబడుతుంది, నిజమే. ఆ రుచి కావాలంటే క్లయింటు నుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. కొన్ని ఒప్పందాల్లో ఇద్దరి మధ్య వ్యాపారం ఉందన్న సంగతే రహస్యం. అక్కడ వర్ణన కూడా కుదరదు. క్లయింటు స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ అయి, ఇంకా ప్రకటించని ఫలితాల ముక్క మన పీపీటీలో ఉంటే, అది సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల్లోకి వెళ్తుంది. అప్పుడు మేనేజరు కాదు, లాయరు చూడాలి.

ఇక ఆఖరి రెండు పేజీలను పాత ఫైల్లో కాకుండా కొత్త ఖాళీ ఫైల్లో, టైపు చేసి రాయాలి. పాత స్లైడ్లు చెరిపి చెరిపి మిగిలిన దాన్ని సారాంశమని పంపితే పాత సామానంతా వెంట వస్తుంది. పీడీఎఫ్‌గా మార్చి పంపితే నోట్స్, లోపలి ఎక్సెల్ రాలిపోతాయి గానీ, నల్ల డబ్బా కింద అక్షరాలుంటే అవి మిగిలే ఉంటాయి. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టులో వేసిన పీడీఎఫ్‌లో నల్లటి పట్టీలున్న చోట కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే మొత్తం వచ్చేసింది. మీ పీడీఎఫ్‌లోనూ Ctrl+A, Ctrl+C కొట్టి నోట్‌ప్యాడ్‌లో వేసి చదవండి. అర నిమిషం పని.

పంపే ముందు, ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని సేల్స్ మనిషి ఒకరికి ఆ రెండు పేజీలిచ్చి, గూగుల్ తెరిచి పెట్టి, ‘వీళ్లెవరో చెప్పన్నా’ అని అడిగితే నిజం బయటపడుతుంది. మన ఉదాహరణలో ఆయన పేరు పట్టేశాడనుకుందాం. పట్టిచ్చింది పేర్లూ అంకెలూ కాదు. గత ఏడాది జూన్‌లో గోదాము మంట తర్వాత సరుకు కాపాడామన్న వాక్యం. మంట వార్త పేపర్లో వచ్చింది. ఆ వాక్యంలోంచి నెలా తీసేశారు, మంటా తీసేశారు. ‘కరెంటు ఆగిన ఒక సందర్భంలో’ అని మిగిలింది.