31వ మీటరు దగ్గర మేకు

డిప్లొమా పిల్లలకు ఎర్త్ టెస్టర్ చూపించినప్పుడల్లా వచ్చే ప్రశ్న ఒకటే. దూరపు మేకును 50 మీటర్ల దగ్గర దింపితే, నడిమి మేకు 31 దగ్గరే ఎందుకు?

టెస్టర్, ఎర్త్ గుంతకూ దూరపు మేకుకూ మధ్య కరెంటు పంపి, నడిమి మేకు దగ్గర ఓల్టేజీ చదువుతుంది. ఎర్త్ పైపు నుంచి కరెంటు ఉల్లిపొరల్లా అన్ని వైపులా పరుచుకుంటుంది. పైపు పక్కనున్న పొరలు చిన్నవి, అందుకే నిరోధంలో ఎక్కువ భాగం అక్కడే. దూరపు మేకు చుట్టూ కూడా ఇలాంటి పొరలే. నడిమి మేకు గుంతకు దగ్గరైతే రీడింగు అసలుకన్నా తగ్గుతుంది, దూరపు మేకుకు దగ్గరైతే పెరుగుతుంది. ఆ రెండు తప్పులూ సరిగ్గా కొట్టేసుకునే చోటు మొత్తం దూరంలో 0.618వ వంతు. అది స్వర్ణ నిష్పత్తి! నేల అంతటా ఒకేలా ఉంటేనే ఇది నిజం. అందుకే మేకును అటూ ఇటూ జరిపి చూస్తారు.

కరీంనగర్ వైపు ఒక ఎర్త్ గుంతకు 5 ఓమ్‌ల హద్దు ఉందనుకుందాం. రీడింగు 27. నాన్ కన్ఫార్మెన్స్ రిపోర్టు రాసే ముందు మేకును 26కు, 36కు జరిపితే 26, 28 వచ్చాయి. మూడూ దగ్గరగా ఉన్నాయి కనుక కొలత నమ్మదగినదే. చాలా తేడా వస్తే దూరపు మేకును ఇంకా దూరం జరపాల్సి వచ్చేది.

ఇక 27 రావడానికి కారణం. 1915లో అమెరికా బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో ఫ్రాంక్ వెన్నర్ ప్రతిపాదించిన నాలుగు మేకుల పద్ధతిలో నేల కొలిస్తే 50 ఓమ్-మీటర్లు. ఆ నేలలో 40 మి.మీ. పైపు 3 మీటర్లు దిగితే 15 ఓమ్‌లు రావాలి. 27 రావాలంటే సగమే దిగి ఉండాలి. ఇక్కడ పరుపుబండ తగిలి, పైపును కోసేయడం మామూలే. తవ్వి చూస్తే తేలిపోతుంది. ఆదిలాబాద్ నల్లరేగడిలో కథ వేరు. ఎండాకాలం నేల బీటలు వారి పైపును వదిలేస్తుంది.

పైపు పూర్తిగా దిగినా 15 సరిపోదు. ఉప్పు, బొగ్గు ఇంకా పోస్తే కొంత తగ్గుతుంది కానీ, వానలకు ఉప్పు కరిగిపోతుంది. బండలోకి బోరు వేసినా లాభం తక్కువ, గ్రానైటు కరెంటును మోయదు. పల్లంలో మన్ను లోతుగా ఉన్న చోట, 6 మీటర్ల చదరంలో నాలుగు పైపులు దించి కలపాలి. వాటి పొరలు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి కనుక 15ను నాలుగుతో భాగిస్తే వచ్చే 3.8 రాదు, 4.7 దాకా వస్తుంది. అది అంచు మీదున్న లెక్క. ఎండాకాలానికి ఇంకో రెండు పైపులు కావాలి.

రిపోర్టు మూసే ముందు మళ్ళీ మే నెలలో కొలవండి. ముందురోజు గుంతలో బిందెడు నీళ్ళు పోసి తీసిన రీడింగును మాత్రం ఒప్పుకోకండి.