“అవును” అంటే సరిపోదు

జీవిత బీమా ఫారం మీద సంతకం పెట్టాక, బాండు ఇంటికి రాకముందే కంపెనీ నుంచి ఒక ఫోన్ వస్తుంది. ఆ రంగంలో దీన్ని వెరిఫికేషన్ కాల్ అంటారు. పేరు, పుట్టిన తేదీ, కట్టాల్సిన డబ్బు, ఆరోగ్యం అన్నీ గడగడా అడిగేస్తారు. మనం ఏదో పనిలో ఉండి “ఆఁ, అవునండీ” అంటూ పోతాం. పైగా పాలసీ అమ్మిన మనిషి ముందే చెవిలో ఊది ఉంటాడు, ఆఫీసు నుంచి ఫోనొస్తే అన్నిటికీ అవుననండి, లేకపోతే పాలసీ ఆగిపోతుందని. రెండేళ్ల తర్వాత “ఫిక్స్‌డ్ డిపాజిట్ అని చెప్పి అంటగట్టారు” అని ఫిర్యాదు చేస్తే, కంపెనీ మన ముందు పెట్టేది ఈ రికార్డింగునే.

ఆ కాల్ సరిగ్గా జరిగిందా లేదా అని విని తేల్చేవాళ్లు కాల్ సెంటర్‌లో వేరే ఉంటారు. వాళ్లని క్వాలిటీ వాళ్లు అంటారు. వాళ్ల దగ్గర ఒక చెక్‌లిస్టు ఉంటుంది. కంపెనీని బట్టి కొంచెం మారినా సారం ఒకటే. ఫోన్ చేసినవాళ్లు పేరు, కంపెనీ, పని చెప్పాలి. కాల్ రికార్డవుతోందని చెప్పాలి. అవతల ఉన్నది అసలు పాలసీదారేనా అని నిర్ధారించుకోవాలి. ఇది బీమా, డిపాజిట్ కాదని చెప్పాలి. ఎంత కట్టాలి, ఎన్నేళ్లు కట్టాలి, పాలసీ ఎన్నేళ్లు నడుస్తుంది అన్నది ఒప్పించుకోవాలి. ఆరోగ్య ప్రశ్నలు అడగాలి. లోన్ ఇప్పిస్తామనో బోనస్ వస్తుందనో ఎవరైనా ఆశ పెట్టారా అని అడగాలి. చివర్న, పాలసీ అందాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కిచ్చేయవచ్చని చెప్పాలి. మొత్తం ఎనిమిది.

చూడ్డానికి ఇది స్కూలు హాజరు పట్టీలా ఉంటుంది, పిలిచామా పలికారా అన్నట్టు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఏజెంటు వాక్యం చదివినంత మాత్రాన టిక్కు పెట్టేస్తే ఆడిట్ పది నిమిషాల్లో అయిపోతుంది, ఎవరికీ పనికి రాదు. మంచి ఆడిటర్ ప్రతి అంశానికీ రెండు చూస్తాడు. ఏజెంటు చెప్పిందేమిటి? దానికి కస్టమర్ సొంత నోటితో అన్నదేమిటి? రెండూ ఏ నిమిషం ఏ సెకనులో ఉన్నాయో పక్కన రాస్తాడు. ఆ సమయం రాయలేకపోతే, జరిగిందని రాయడానికి వీల్లేదు.

ఒక ఊహా కాల్ తీసుకుందాం. జగిత్యాల దగ్గర ఊళ్లో ఉండే రిటైర్డ్ డ్రైవర్‌కి హైదరాబాద్ నుంచి ఫోన్ వెళ్లింది. ఏటా 50 వేల రూపాయల ప్రీమియం, ఏడేళ్లు కట్టాలి, పాలసీ గడువు 15 ఏళ్లు. మొదటి రెండు అంశాలూ శుభ్రంగా జరిగాయి. మూడోది 0:41 దగ్గర. “మీ పుట్టిన తేదీ 1964 జూన్ 12 కదా సార్?” “అవునమ్మా.” చాలామంది ఇక్కడ టిక్కు పెడతారు, కానీ పెట్టకూడదు. జవాబు ఏజెంటే చెప్పేసింది, అవతల ఫోనెత్తింది ఎవరైనా అవుననగలరు. “మీ పుట్టిన తేదీ చెప్పండి సార్” అని అడిగి ఉంటేనే అది నిర్ధారణ. కాబట్టి మూడో అంశం జరగలేదు.

నాలుగోది బాగానే ఉంది. ఇది డిపాజిట్ కాదు, జీవిత బీమా అని ఆమె స్పష్టంగా చెప్పింది, ఆయన విని “బీమానే, తెలుసు” అన్నాడు. ఐదో అంశం 2:40 దగ్గర మొదలైంది. “ఏడాదికి 50 వేలు, ఏడేళ్లు కట్టాలి సార్, ఓకేనా?” ఆయన ఒక్క క్షణం ఆగి, “ఒక్కసారి కడితే సాలన్నరు గదమ్మా బ్యాంకుల?” అన్నాడు. “లేదు సార్, ఏడేళ్లు. ఓకేనా?” “మంచిది.” ఆమె తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది.

స్క్రిప్టు ప్రకారం ఆమె చెప్పాల్సిన మాటలన్నీ చెప్పింది, ఆయనా ఒప్పుకున్నాడు. అయినా ఇది తప్పిన అంశమే. అమ్మినచోట వేరే మాట చెప్పారని కస్టమర్ నోటే బయటపడ్డప్పుడు, ఏజెంటు వివరంగా చెప్పి, ఆయన చేత తిరిగి చెప్పించుకోవాలి. లేదా కాల్ ఆపి పైకి పంపాలి. ఏటా 50 వేలంటే ఏడేళ్లకి మూడున్నర లక్షలు. పింఛను మీద బతికే మనిషికి ఆ లెక్క ఒక్క “మంచిది”తో తేలిపోయేది కాదు.

ఆరోగ్యం దగ్గర ఇంకో రకం లోపం. “బీపీ, షుగర్, గుండె జబ్బు, ఆపరేషన్లు ఏమీ లేవు కదా సార్?” అని ఆమె ఒకే ఊపిరిలో అడిగింది. “లేవు” అన్నాడు. నాలుగు ప్రశ్నలకి ఒక్క జవాబు చెల్లదు, పైగా అది “లేవు” అనిపించుకునే ప్రశ్న. కాల్ చివర్లో 4:50 దగ్గర ఆయనే, “జల్ది చెప్పమ్మా, షుగర్ గోలీ ఏసుకోవాలె” అన్నాడు. ఆరో అంశం దగ్గర మాత్రమే చెవి పెట్టి మిగతాది పరుగు పెట్టించే ఆడిటర్‌కి ఈ మాట దొరకదు. దొరక్కపోతే నష్టం ఆయన కుటుంబానికి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలై మూడేళ్లు నిండాక ఏ కారణంతోనూ దాన్ని ప్రశ్నించలేరు. కానీ ఆ మూడేళ్ల లోపు క్లెయిమ్ వస్తే, ఆరోగ్య విషయం దాచారన్న కారణంతో తిరస్కరించే వీలుంది.

చివరి రెండు అంశాలూ సరిగ్గానే జరిగాయి. ఎనిమిదింట ఐదు జరిగాయి, మూడు తప్పాయి. టిక్కుల ఆడిటర్ ఇదే కాల్‌కి ఎనిమిదికి ఎనిమిదీ ఇచ్చేవాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, “జరిగింది” అన్నదానికి చెరో అర్థం పెట్టుకున్నారంతే. అందుకే కాల్ సెంటర్లలో ఒకే కాల్‌ని నలుగురైదుగురు విడివిడిగా విని, మార్కులు పక్కపక్కన పెట్టి వాదించుకుంటారు. దీన్ని క్యాలిబ్రేషన్ అంటారు. తేడా వచ్చినచోట మనిషిని తప్పుపట్టే ముందు చెక్‌లిస్టు వాక్యాన్నే సరిచేయాలి. “ప్రీమియం వివరాలు చెప్పారా?” అని ఉన్నచోట “ఎన్నేళ్లు కట్టాలో కస్టమర్ తన మాటల్లో చెప్పాడా?” అని మారిస్తే సగం తగువు తీరిపోతుంది.

ఇంకో మాట. ఈ మార్కుల్ని శాతంలోకి మార్చడం నాకైతే నచ్చదు. పలకరింపు తప్పినా, షుగర్ సంగతి తప్పినా ఒక్క మార్కే పోతే ఆ శాతానికి అర్థమేముంది? అందుకే పద్ధతి తెలిసినచోట కొన్ని అంశాల్ని ఫేటల్ అని విడదీస్తారు. వాటిలో ఒక్కటి తప్పినా కాల్ మొత్తం సున్నా. ఇక్కడ తప్పిన మూడూ ఆ కోవలోవే.

ఇప్పుడు మాటల్ని అక్షరాలుగా మార్చి వెతికే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మనిషి నెలకి ఏజెంటుకి కొన్ని కాల్సే వినగలిగితే అవి అన్నిటినీ జల్లెడ పడతాయి. “30 రోజులు” అన్న మాట వచ్చిందో లేదో ఇట్టే చెబుతాయి. కానీ కాల్‌లో ఇద్దరి గొంతులూ ఒకే ట్రాక్‌లో కలిసిపోయి ఉంటే, ఆ మాట ఎవరన్నారో తేల్చడమే కష్టం. “సాలన్నరు గదమ్మా” వంటి యాస దగ్గర తడబాటు కూడా ఉంటుంది. ఆ చోట్ల మళ్లీ మనిషే వినాలి.

ఆడిటర్ వెనక్కి పంపే నివేదిక చిన్నదే. మూడు, ఐదు, ఆరు అంశాలు తప్పాయి, వాటి సమయాలివి, అన్న మాటలివి. దాంతో పాటు పాలసీ ఆపి, వేరే ఏజెంటుతో మళ్లీ ఫోన్ చేయించమన్న సూచన. షుగర్ సంగతి ఫారంలో చేరితే ప్రీమియం పెరగవచ్చు, వైద్య పరీక్ష అడగవచ్చు. ఏడేళ్లు కట్టాలని నిజంగా అర్థమయ్యాక ఆయన వద్దనవచ్చు కూడా. ఈలోపే బాండు ఇంటికి వచ్చేసి ఉంటే, అందిన రోజు నుంచి 30 రోజుల్లో వెనక్కిచ్చేయవచ్చు. అప్పటిదాకా నడిచిన బీమా ఖర్చు, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ పోను మిగతాది తిరిగి వస్తుంది. కంపెనీ వినకపోతే, మన హైదరాబాద్‌లోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి 155255 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదులో 2:40, 4:50 అన్న రెండు సమయాలూ రాసి, ఆ రికార్డింగ్ బయటపెట్టమని అడగవచ్చు.