ఐయూఐ: ఒక్క సైకిల్‌పై ఎంత ఆశ పెట్టుకోవచ్చు?

ఐయూఐ చేయించుకున్న మొదటి నెలే నెలసరి వచ్చేస్తే, ఇక తమకు పిల్లలు పుట్టరేమోనని దంపతులు కుంగిపోతుంటారు. నిజానికి అన్నీ అనుకూలంగా ఉన్న జంటకు కూడా ఒక్క సైకిల్‌లో గర్భం నిలిచే అవకాశం సుమారుగా నూటికి 10 నుంచి 15 మాత్రమే. ఏ సమస్యా లేని పడుచు జంటకైనా నెలకు 20, 25 శాతానికి మించదు. ఈ లెక్క చికిత్సకు ముందే తెలిసి ఉంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఐయూఐలో చేసే పని చిన్నదే. భర్త ఇచ్చిన వీర్యాన్ని ల్యాబ్‌లో శుభ్రం చేసి, చురుగ్గా ఈదే కణాలను వేరుచేస్తారు. వాటిని సన్నని, మెత్తని గొట్టంతో నేరుగా గర్భాశయంలోకి పంపుతారు. మత్తు అక్కర్లేదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. అయితే ఇది కణాలకు దారి దగ్గర చేస్తుందే తప్ప, అండాన్ని కలవడం, ఫలదీకరణ జరగడం అన్నీ లోపల వాటంతటవే జరగాలి. అందుకే ఫాలోపియన్ ట్యూబుల్లో కనీసం ఒకటైనా తెరుచుకుని ఉండాలి. రెండూ మూసుకుపోతే ఐయూఐ ఎన్నిసార్లు చేసినా ఫలితం ఉండదు. ట్యూబుల సంగతి తేల్చే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే తీయకుండానే ఐయూఐ మొదలుపెడితే డబ్బు, కాలం రెండూ వృథా అయ్యే ప్రమాదం ఉంది.

పరీక్షలన్నీ బాగున్నా కారణం తెలియకుండా గర్భం రాని జంటలకు, అండం సరిగా విడుదల కాని పీసీఓఎస్ ఉన్నవారిలో మందులతో మాత్రమే ఫలితం రాని వారికి, వీర్యకణాల సంఖ్య లేదా కదలిక కాస్త తక్కువగా ఉన్నవారికి, కలయికలో ఇబ్బంది ఉన్నవారికి ఐయూఐ పనికొస్తుంది. శుభ్రం చేశాక కదిలే కణాలు 50 లక్షలకు పైగా మిగిలితే ఆశ పెట్టుకోవచ్చు. 10 లక్షల లోపే ఉంటే ఐవీఎఫ్ గురించి మాట్లాడటం మేలు.

ఇక ఈ చికిత్సకు ప్రాణం సమయమే. బయటికి వచ్చిన అండం 12 నుంచి 24 గంటలే బతుకుతుంది. ఆ వేళకు కణాలు అక్కడ సిద్ధంగా ఉండాలి. ఉదాహరణకు 29 ఏళ్ల యువతికి నెలసరి మూడో రోజు నుంచి అయిదు రోజులు లెట్రోజోల్ మాత్రలు ఇచ్చారనుకుందాం. తొమ్మిదో రోజు స్కాన్‌లో కుడి అండాశయంలో 13 మిల్లీమీటర్ల ఫాలికల్ కనిపించింది. అండం పెరిగే ఈ నీటిసంచి రోజుకు దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పన్నెండో రోజుకు 19 అయింది, గర్భాశయ పొర 8 మిల్లీమీటర్లకు వచ్చింది. ఆ రాత్రి పది గంటలకు అండం విడుదలకు హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంజెక్షన్ తర్వాత 36 గంటలకు, అంటే పద్నాలుగో రోజు ఉదయం పదింటికి ఐయూఐ. ఇంజెక్షన్ వేళ ఇంత ముఖ్యం కాబట్టి, నర్సు చెప్పిన గంటను చీటీ మీద రాసుకోవాలి. మూడు, నాలుగు ఫాలికల్స్ పెద్దవైతే మాత్రం ఆ నెల ఆపేయడమే మంచిది. కవలలు, ముగ్గురు పిల్లల గర్భం తల్లికీ బిడ్డలకీ ప్రమాదం.

తర్వాత 14 రోజులు ఆగి పరీక్ష చేయించుకోవాలి. తొందరపడి ఇంట్లో కిట్‌తో చూస్తే ఇంజెక్షన్‌లోని హెచ్‌సీజీయే లేని గర్భాన్ని ఉన్నట్టు చూపవచ్చు. ఈ రోజుల్లో మంచం దిగకుండా పడుకోవాల్సిన అవసరం లేదు. మామూలు పనులు చేసుకోవచ్చు.

క్లినిక్‌లో ఎవరైనా సక్సెస్ రేటు చెబితే, అది గర్భం నిలిచిన లెక్కా, బిడ్డ పుట్టిన లెక్కా అని అడగండి. నిలిచిన గర్భాల్లో కొన్ని పోతాయి కాబట్టి రెండూ ఒకటి కావు. కారణం తెలియని సంతానలేమి ఉన్న 900 జంటలపై అమెరికాలో జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, నాలుగు సైకిల్స్ వరకు ప్రయత్నించాక లెట్రోజోల్ వాడిన వారిలో 18.7 శాతం మందికి, క్లోమిఫిన్ వాడిన వారిలో 23.3 శాతం మందికి బిడ్డలు పుట్టారు. న్యూజిలాండ్‌లో 2018లో ప్రచురితమైన మరో అధ్యయనంలో మూడు సైకిల్స్ ఐయూఐ చేసిన వారిలో 31 శాతం మందికి బిడ్డలు పుడితే, ఏమీ చేయకుండా వేచి ఉన్న వారిలో 9 శాతం మందికే పుట్టారు. అంటే ఐయూఐ వల్ల లాభం ఉంది, కానీ అది రెండు మూడు సైకిల్స్ కలిపి చూస్తేనే తెలుస్తుంది.

వయసు 40 దాటితే ఒక్కో సైకిల్‌లో అవకాశం 5 శాతం లోపే. కాబట్టి 38 దాటిన వారు ఎక్కువ నెలలు ఐయూఐతోనే గడపకండి. మిగతా వారు మూడు, నాలుగు సైకిల్స్ పూర్తయ్యాక ఫలితం లేకుంటే, అయిదోదానికి డబ్బు కట్టే ముందు డాక్టర్‌తో కూర్చుని ఐవీఎఫ్ సహా తర్వాతి దారి ఏమిటో తేల్చుకోండి.