ముందు బిందువు, ఆ తర్వాతే గీత

కాగితం మీద 5 సెంటీమీటర్ల వ్యాసార్థంతో ఒక వృత్తం గీసి, దానికి బయట ఒక చుక్క పెట్టి, ఆ చుక్క నుంచి వృత్తాన్ని తాకుతూ పోయే గీత గీయమంటే చాలామంది చేసే పని ఒకటే. స్కేలును చుక్కకు ఆనిస్తారు, రెండో కొసను మెల్లగా వృత్తం వైపు జరుపుతారు, అంచు తగిలినట్టు కనిపించగానే పెన్సిల్ లాగేస్తారు. గీత చూడటానికి బాగానే ఉంటుంది. కానీ అది వృత్తాన్ని సరిగ్గా ఎక్కడ తాకిందో చూపించమంటే వేలు ఎక్కడ పెట్టాలో తెలియదు.

అది కంటి లోపం కాదు, వృత్తం స్వభావమే అంత. స్పర్శబిందువు నుంచి గీత వెంట కొంచెం పక్కకు జరిగితే, గీతకూ వృత్తానికీ మధ్య ఎంత ఖాళీ ఏర్పడుతుందో తేలిగ్గా అంచనా కట్టవచ్చు. జరిగిన దూరాన్ని వర్గం చేసి, వృత్త వ్యాసంతో భాగిస్తే చాలు. ఈ వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే 9ని 100తో భాగించాలి, అంటే ఖాళీ 0.09 మిల్లీమీటరు. పెన్సిల్ గీత మందమే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. కాబట్టి ఆ బిందువుకు అటు 3, ఇటు 3, మొత్తం 6 మిల్లీమీటర్ల మేర గీత, వృత్తం ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టే కనిపిస్తాయి. అందులో అసలు బిందువు ఏదో కన్ను చెప్పలేదు.

అందుకే రేఖాగణితం ఈ పనిని తలకిందులు చేసింది. గీత కోసం వెతకదు. ముందు స్పర్శబిందువును పట్టుకుంటుంది, ఆ తర్వాత దాన్ని బయటి బిందువుతో కలుపుతుంది. రెండు బిందువులు దొరికాక గీత గీయడంలో సందేహానికి తావుండదు.

పట్టుకోవడానికి ఆధారం పదో తరగతిలో అందరూ చదివిన ఒక్క ధర్మమే. స్పర్శబిందువు దగ్గర వ్యాసార్థం స్పర్శరేఖకు లంబంగా ఉంటుంది. వృత్త కేంద్రాన్ని O అని, బయటి బిందువును P అని, స్పర్శబిందువును A అని అనుకుంటే, A దగ్గర OAP కోణం 90 డిగ్రీలు కావాలి. O, P రెండూ కదలకుండా ఉండగా వాటిని 90 డిగ్రీల కోణంతో చూసే బిందువులన్నీ ఎక్కడుంటాయి? OP వ్యాసంగా గీసిన వృత్తం మీద ఉంటాయి. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం అన్న సిద్ధాంతం చెప్పేది ఇదే. A ఆ కొత్త వృత్తం మీద ఉండాలి, మొదటి వృత్తం మీదా ఉండాలి. అంటే రెండు వృత్తాలు ఖండించుకునే చోటే అది ఉంటుంది.

నిర్మాణం ఇక చిన్నదే. OPని కలిపి, లంబ సమద్విఖండన రేఖతో దాని మధ్యబిందువు M కనుక్కోవాలి. వృత్తలేఖిని ముల్లును M మీద పెట్టి, O దాకా తెరిచి వృత్తం తిప్పాలి. అది మొదటి వృత్తాన్ని A, B అనే రెండు చోట్ల కోస్తుంది. PA, PB కలిపితే అవే స్పర్శరేఖలు. సరిచూసుకోవడానికి PA, PB పొడవులు కొలవాలి, రెండూ సమానంగా రావాలి. తేడా వస్తే చాలాసార్లు తప్పు M దగ్గరే ఉంటుంది.

యూక్లిడ్ మాత్రం ఇలా చేయలేదు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో రాసిన ఎలిమెంట్స్ మూడో భాగంలో ఈ నిర్మాణం 17వ ప్రతిపాదన. అర్ధవృత్త సిద్ధాంతం ఆ భాగంలోనే 31వది. ఇంకా నిరూపించని దాన్ని ముందే వాడుకోవడం ఆయన పద్ధతిలో కుదరదు. అందుకని O కేంద్రంగా P గుండా ఒక పెద్ద వృత్తం గీశాడు. OP చిన్న వృత్తాన్ని కోసే D దగ్గర OPకి లంబం లేపి, అది పెద్ద వృత్తాన్ని తాకే చోటుకు F అని పేరు పెట్టాడు. OF గీత చిన్న వృత్తాన్ని కోసే చోటే A. ODF, OAP త్రిభుజాల్లో OD, OA సమానం, OF, OP సమానం, O దగ్గరి కోణం ఉమ్మడి. అవి సర్వసమానాలు, కాబట్టి D దగ్గరి లంబకోణమే A దగ్గరా ఉంటుంది. మధ్యబిందువు అవసరమే లేని ఈ పద్ధతి ఎంతో అందమైనది. బడిలో దీన్ని కూడా ఒకసారి చూపిస్తే పిల్లలకు మేలు.

ఇప్పుడు అదే బొమ్మను గ్రాఫ్ కాగితం మీదికి తీసుకురావచ్చు. కేంద్రం మూలబిందువు దగ్గర, వ్యాసార్థం 5. వృత్త సమీకరణం x² + y² = 25. బయటి బిందువు P (5, 10).

ఇంటర్ విద్యార్థి చేతికి ముందుగా వచ్చేది వాలు పద్ధతి. P గుండా పోయే గీతను y − 10 = m(x − 5) అని రాసుకుని, కేంద్రం నుంచి ఆ గీతకు లంబదూరం 5 కావాలంటాడు. అప్పుడు (10 − 5m)² = 25(1 + m²) వస్తుంది. రెండు వైపులా 25తో భాగిస్తే (2 − m)² = 1 + m². విప్పితే 4 − 4m + m² = 1 + m². రెండు వైపులా ఉన్న m² కొట్టుకుపోయి m = 3/4 ఒక్కటే మిగులుతుంది. గీత 3x − 4y + 25 = 0.

బయటి బిందువు నుంచి రెండు స్పర్శరేఖలు ఉండి తీరాలి కదా, రెండోది ఏమైంది? అది x = 5 అనే నిలువు గీత. నిలువు గీతకు వాలు నిర్వచితం కాదు, కాబట్టి mతో మొదలుపెట్టిన లెక్కకు అది చిక్కదు. పరీక్షలో ఇక్కడ మార్కులు పోగొట్టుకునేవారు చాలామంది. గుర్తుపట్టడం మాత్రం సులువే: వర్గ సమీకరణం కావాల్సింది సరళ సమీకరణంగా మారిపోయిందంటే, తప్పిపోయినది నిలువు గీత. కేంద్రం మూలబిందువు దగ్గర ఉన్నప్పుడు, P బిందువు x విలువ వ్యాసార్థంతో సమానమైనా, దానికి రుణ విలువైనా ఇలా జరుగుతుంది. సరిగ్గా సమానం కాకుండా చాలా దగ్గరగా ఉంటే చిక్కు మరో రూపంలో వస్తుంది. వాలు వేలల్లోకి, లక్షల్లోకి పోతుంది, కంప్యూటర్ లెక్కలో సవరింపు దోషాలు పెరుగుతాయి.

వాలుతో మొదలుపెట్టడమంటే బీజగణితంలో స్కేలు జరపడమే. ముందు గీతను వెతుకుతున్నాం. అలా కాకుండా వృత్తలేఖిని నేర్పిన దారిలో, బిందువుతో మొదలుపెట్టి చూడాలి.

OP వ్యాసంగా గల వృత్తం సమీకరణం x² + y² − 5x − 10y = 0. మొదటి వృత్తం x² + y² − 25 = 0. రెండోదాని నుంచి మొదటిదాన్ని తీసివేస్తే వర్గాలు పోయి 5x + 10y = 25, అంటే x + 2y = 5 మిగులుతుంది. ఖండన బిందువులు రెండూ ఈ గీత మీదే ఉంటాయి. ఇంటర్ రెండో సంవత్సరంలో S₁ = 0 అని బట్టీ పట్టే స్పర్శజ్యా సమీకరణం ఇదే. ఆ సూత్రం ఎక్కడి నుంచో ఊడిపడలేదు, వృత్తలేఖినితో గీసిన రెండో వృత్తమే ఇక్కడ సమీకరణంగా వచ్చింది. ఈ సంబంధం చూపించకుండా సూత్రాన్ని మాత్రమే అప్పజెప్పించడం వల్లే చాలామందికి అది గుర్తుండదు.

x = 5 − 2y అని వృత్త సమీకరణంలో పెడితే 5y² − 20y = 0 వస్తుంది. y విలువ 0 లేదా 4. స్పర్శబిందువులు (5, 0), (−3, 4). వాటిని Pతో కలిపితే x = 5 ఒక గీత, 3x − 4y + 25 = 0 రెండోది. ఈసారి ఏదీ తప్పిపోలేదు. P నుంచి రెండు బిందువుల దూరమూ 10 వచ్చింది. పైథాగరస్ లెక్క కూడా √(125 − 25) = 10 అనే అంటుంది.

ఎన్ని బిందువులకైనా వాడుకునేలా దీన్ని సూత్రంగా రాసుకోవచ్చు. కేంద్రం మూలబిందువు, P (p, q), d² = p² + q², స్పర్శరేఖ పొడవు L = √(d² − r²) అయితే స్పర్శబిందువులు ఇవి:

```
x = (r²·p ∓ r·L·q) / d²
y = (r²·q ± r·L·p) / d²
```

రెండు వరుసల్లోనూ పై గుర్తులను ఒక జతగా, కింది గుర్తులను ఒక జతగా తీసుకోవాలి. మన ఉదాహరణలో మొదటి పదాలు (1, 2), రెండో పదాలు (∓4, ±2). కలిపితే (−3, 4), (5, 0). కేంద్రం మరోచోట ఉంటే, ముందు P నుంచి కేంద్ర నిరూపకాలు తీసేసి, జవాబుకు తిరిగి కలుపుకుంటే సరి. ఇందులో వాలు ఊసే లేదు కాబట్టి నిలువు గీత ఇబ్బంది పెట్టదు. P వృత్తం లోపల ఉంటే వర్గమూలం కింద రుణ సంఖ్య వచ్చి, స్పర్శరేఖ లేదని చెప్పేస్తుంది. P వృత్తానికి మరీ దగ్గరగా ఉన్నప్పుడు మాత్రం కొంత జాగ్రత్త కావాలి. కాగితం మీద రెండు వృత్తాలూ దాదాపు కలిసిపోయి ఖండన బిందువు మసకబారుతుంది. లెక్కలోనూ రెండు దగ్గరి సంఖ్యల వర్గాల తేడా తీస్తే అంకెలు రాలిపోతాయి. అప్పుడు d² − r² బదులు (d − r)(d + r) అని గుణించడం మంచిది.

ఇదే త్రిభుజాన్ని భూమి అంత పెద్దది చేసి చూడవచ్చు. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్సాట్-3డీఎస్ వాతావరణ ఉపగ్రహం భూస్థిర కక్ష్యలో, భూకేంద్రం నుంచి సుమారు 42,164 కిలోమీటర్ల దూరంలో భూమధ్యరేఖకు ఎగువన ఉంటుంది. భూమి వ్యాసార్థం సుమారు 6,378 కిలోమీటర్లు. ఉపగ్రహం P, భూమి వృత్తం. దాని చూపు చేరగలిగే చివరి చోటే స్పర్శబిందువు. భూకేంద్రం దగ్గరి కోణం కొసైన్ 6,378/42,164, అంటే 0.1513. ఆ కోణం 81.3 డిగ్రీలు. ఉపగ్రహం ఉన్న రేఖాంశం వెంట ఉత్తరానికైనా దక్షిణానికైనా 81.3 డిగ్రీల అక్షాంశం దాటితే భూమి దానికి కనిపించదు. అక్కడికి స్పర్శరేఖ పొడవు దాదాపు 41,680 కిలోమీటర్లు.

ఆ అంచు దగ్గర నిలబడినవారికి ఉపగ్రహం సరిగ్గా దిగంతం మీద ఉంటుంది. గాలి పొర మందం, కొండల అడ్డు కారణంగా అంత దూరం దాకా చూపు నిజంగా పనికిరాదు. అందువల్ల ధ్రువ ప్రాంతాల మీద మబ్బులను గమనించే పని భూస్థిర ఉపగ్రహాలది కాదు, ధ్రువాల మీదుగా తిరిగే తక్కువ ఎత్తు ఉపగ్రహాలది.