రూం నంబరు బయటికెలా పొక్కుతుంది?

2008లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఓ హోటల్లో దిగారు టీవీ క్రీడా విలేకరి ఎరిన్ ఆండ్రూస్. ఆమె వెంటపడుతున్న ఒకడు ఆ హోటల్లోనే ఉన్న ఫోను ఎత్తి, ఆమె గదికి కలపమన్నాడు. ఆపరేటరు నంబరు చెప్పలేదు. కానీ కాల్ కలిసేసరికి ఫోను తెర మీద రూం నంబరు పడింది! పైకెళ్లి చూస్తే పక్కగది శుభ్రం చేస్తున్నారు. కిందికొచ్చి అదే కావాలన్నాడు. ఇచ్చేశారు. ఆమె తలుపుకున్న పీప్‌హోల్‌ను మార్చి, దొంగచాటుగా వీడియో తీశాడు. 2016లో జ్యూరీ ఆమెకు 5.5 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలంది. అందులో 49 శాతం హోటల్ యజమాని, నిర్వాహక సంస్థల మీద పడింది.

పక్కగది అడగడం తప్పేమీ కాదు. మన దగ్గర పెళ్లిళ్లకొచ్చే చుట్టాలంతా అడిగేదే. అయితే ముందు ఆ గదిలో ఉన్నవారికి ఫోన్ చేసి, ‘ఫలానావారు మీ పక్కగది అడుగుతున్నారు, ఇమ్మంటారా?’ అని కనుక్కోవాలి. నాష్‌విల్‌లో ఆ ఒక్క ఫోనే వెళ్లలేదు.

మనిషే నేరుగా వచ్చి అడిగితే? రాత్రి తొమ్మిదింటికి ఒకాయన కౌంటర్ దగ్గరికొచ్చాడనుకుందాం. ‘మా ఆవిడ మీ దగ్గరే దిగింది. రూం నంబరెంత? ఇంకో కీ ఉంటే ఇవ్వండి.’ ఆయన నిజంగా భర్తే కావచ్చు. కానీ ఆమె ఎవరి నుంచి తప్పించుకుని వచ్చిందో రిసెప్షనిస్టుకు తెలీదు. అందుకే ఆమె అక్కడ ఉందనీ లేదనీ చెప్పకూడదు. ‘పేరు చెప్పండి సార్, ఆ పేరుతో ఎవరైనా ఉంటే కబురందిస్తాం’ అంటే చాలు. ఆయన్ని లాబీలో కూర్చోబెట్టి, నంబరు కనబడని లోపలి ఫోను నుంచి ఆమెను అడగాలి. రమ్మంటే ఆమే కిందికొస్తుంది. రిజిస్టర్లో ఆయన పేరు లేకపోతే, ఆమె ఒప్పుకోనిదే కీ ఇవ్వకూడదు. ఆధార్ చూపించినా అంతే. ఆయన ఎవరో ఆధార్ చెబుతుంది గానీ, ఆ గది ఆయనదని చెప్పదు కదా. ఆయన గొంతు పెంచితే మేనేజర్ని పిలవాలి. కేకలకు జడిసి కీ ఇచ్చేయడమే అసలు ప్రమాదం.

చెకిన్‌లో నంబరు పైకి చదవకుండా కవరు మీద రాసి చూపిస్తారు. లాబీలో వెనక ఎవరు నిలబడ్డారో ఎవరికి తెలుసు? కార్డు మీద నంబరు ఉండకపోవడమూ అందుకే, పోగొట్టుకుంటే దొరికినవాడికి ఏ తలుపో తెలియకూడదని.

పోయిన కార్డు విషయంలో చాలామందికి తెలియని చిక్కొకటి ఉంది. చాలా హోటళ్ల తాళాలు బ్యాటరీతో నడుస్తాయి, కౌంటర్లోని కంప్యూటరుతో వాటికి సంబంధం ఉండదు. కౌంటర్లో కొత్త కార్డు చేసినంత మాత్రాన పాతది చావదు. కొత్తది తాళానికి తగిలినప్పుడే పాతదాన్ని ఇక ఒప్పుకోవద్దని తాళానికి తెలుస్తుంది. అది కూడా కౌంటర్లో ‘కొత్త కీ’ అని చేస్తేనే. ‘డూప్లికేట్’ అని చేస్తే రెండూ పనిచేస్తాయి. కాబట్టి కార్డు పోతే కొత్త కీయే చేయమని అడిగి, టిఫిన్‌కి వెళ్లే ముందు ఓసారి గది తలుపు తీసి రండి.