టీచరు గారికి ఒక ఉత్తరం, మాట్లాడే పరీక్షకు ముందు

సీబీఎస్ఈ పదో తరగతి ఇంగ్లీషులో 80 మార్కులు రాత పరీక్షకు, 20 మార్కులు బడిలోనే వేసే అంతర్గత మూల్యాంకనానికి ఉంటాయి. ఆ 20లో 5 మార్కులు వినడం, మాట్లాడటం ఎలా ఉన్నాయో చూసి వేస్తారు. అంకె చిన్నదే గాని ఇంట్లో కంగారు పెద్దది. రాత పరీక్షకైతే పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి, ట్యూషన్ దొరుకుతుంది. మాట్లాడే పరీక్షకు పిల్లను ఎలా సిద్ధం చేయాలో, అందులోనూ తల్లిదండ్రులకే ఇంగ్లీషు మాట్లాడటం రాని ఇంట్లో, చెప్పేవాళ్లు తక్కువ. చివరికి టీచరు గారికి ఓ చీటీ వెళ్తుంది: "మా అమ్మాయి ఇంగ్లీషు బాగుపడాలంటే ఏం చేయాలండీ?" దానికి వచ్చే జవాబు కూడా అంత పొడిగానే ఉంటుంది: "ఇంట్లో ఇంగ్లీషులో మాట్లాడించండి."

తప్పు టీచరుది కాదు. ఆ ప్రశ్నలో పట్టుకోవడానికి ఏమీ లేదు.

మాట్లాడే తీరును టీచరు నాలుగు వైపుల నుంచి చూస్తారు. ఎదుటివాళ్ల మాట విని, దానికి తగ్గట్టు స్పందించి, తన వంతు వచ్చినప్పుడు అందుకుంటోందా అన్నది మొదటిది. మాట సాఫీగా, ఒకదానికొకటి అతికేలా సాగుతోందా అన్నది రెండోది. ఉచ్చారణ మూడోది. పదాలు, వ్యాకరణం కలిపి నాలుగోది. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా స్థాయి ఇస్తారు. చాలా ఇళ్లలో ఇంగ్లీషు అంటే నాలుగోదే. మొదటిది ఒకటుందని కూడా తెలియదు. పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే.

ఖమ్మంలో పదో తరగతి చదివే ఓ అమ్మాయి తల్లి ఇలా రాసిందనుకుందాం.

"టీచర్ గారికి నమస్కారం. వచ్చే నెల మాట్లాడే పరీక్ష ఉందని పాప చెప్పింది. రాతలో మార్కులు బాగానే వస్తున్నాయి. ఇచ్చిన అంశం మీద రాసుకుని, బట్టీ పట్టి, ఆగకుండా చెప్తుంది. మధ్యలో ఏదైనా అడిగితే మాత్రం ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. తెలుగులో అయితే చుట్టాల ముందు కూడా బెరుకు లేకుండా మాట్లాడుతుంది. నాకూ మా వారికీ ఇంగ్లీషు కొంచెం చదవడం వచ్చు గాని మాట్లాడటం రాదు. పరీక్షలో పాప ఒక్కతే మాట్లాడాలా, ఇంకొకరితో కలిసి మాట్లాడాలా? మీరు చూసే నాలుగింటిలో ఎందులో వెనకబడి ఉంది? ఇంగ్లీషు రాని మేము రోజూ పావుగంట పక్కన కూర్చుంటే ఏం చేయించమంటారు?"

ఈ ఉత్తరం తెలుగులో ఉంది, ఉండాలి కూడా. తల్లికి సూటిగా చెప్పడం వచ్చేది ఈ భాషలోనే. పాప గురించి ఆమె తీర్పేమీ చెప్పలేదు. 'వీక్', 'భయం', 'మొద్దు' లాంటి మాటలు లేవు. కంటికి కనిపించిందే రాసింది. ఆ రెండు వాక్యాలూ టీచరుకు చాలా చెప్తాయి. మధ్యలో అడిగితే మొదటికి వెళ్లిపోతోందంటే అది మాట్లాడటం కాదు, అప్పజెప్పడం. తెలుగులో బెరుకు లేదంటే సమస్య పిరికితనమూ కాదు. నలభై మంది ఉన్న తరగతిలో ఒక పిల్ల ఇంటి దగ్గర తెలుగులో ఎలా మాట్లాడుతుందో టీచరుకు తెలిసే దారి లేదు. అది తల్లి మాత్రమే ఇవ్వగల సమాచారం.

తెలుగులోనూ మాట తడబడుతుంటే, అక్షరం దగ్గర గొంతు పట్టేస్తుంటే దారి వేరు. అది నత్తి కావచ్చు, సాధన పెంచితే పోయేది కాదు. టీచరుకు ఆ సంగతి విడిగా చెప్పి, పిల్లకు ఎక్కువ సమయం ఇవ్వగలరా అని ముందే అడగాలి. స్పీచ్ థెరపిస్టును కలవడమూ మంచిది.

మన ఖమ్మం తల్లికి మంచి టీచరు ఇచ్చే సలహా ఇలా ఉంటుంది. ముందు ఆ రాసుకున్న కాగితం తీసెయ్యాలి. దాని స్థానంలో నాలుగే నాలుగు మాటలున్న చీటీ పెట్టాలి. అంశం 'మా ఊరి సంత' అయితే: ఏ రోజు, ఏం అమ్ముతారు, నాకు నచ్చింది, మారాల్సింది. వాటిని పట్టుకుని పాప ఇంగ్లీషులో రెండు నిమిషాలు మాట్లాడుతుంది. తర్వాత తల్లి తెలుగులోనే ప్రశ్నలు వేస్తుంది: "అదెందుకు నచ్చింది? అక్కడ ధర ఎక్కువ కదా, అయినా ఎందుకు కొంటారు? మీ ఫ్రెండు కాదంటే ఏమంటావు?" పాప జవాబు ఇంగ్లీషులోనే చెప్పాలి. అడిగేది ఏ భాషలో అయినా, అనుకోని ప్రశ్నకు అప్పటికప్పుడు ఆలోచించి వాక్యం కట్టడమే ఇక్కడ సాధన. తల్లికి ఇంగ్లీషు రాకపోవడం ఇందులో అడ్డంకే కాదు.

మరునాడు అదే అంశం, కాని ప్రశ్నలు వేరు. మూడో రోజు పాపే తల్లిని ఇంగ్లీషులో రెండు ప్రశ్నలు అడగాలి, తల్లి తెలుగులో జవాబిస్తుంది. ఈ మూడో రోజును చాలామంది వదిలేస్తారు. జంటగా మాట్లాడించే పరీక్షలో పక్క విద్యార్థిని అడగడం కూడా చూస్తారు. మన పిల్లలకు జవాబు చెప్పడం అలవాటు, ప్రశ్న అడగడం కాదు. తెలుగులో మాట చివర 'ఆ' చేరిస్తే ప్రశ్న అయిపోతుంది. ఇంగ్లీషులో వాక్యం వరసే మారాలి. అందుకే 'యూ లైక్ మ్యాంగోస్?' దగ్గర ఆగిపోయేవాళ్లు ఎక్కువ. 'డూ యూ లైక్', 'వై డూ యూ థింక్' లాంటి నాలుగైదు ఎత్తుగడలు నోటికి రావాలి. వినపడనప్పుడు అడగడానికి 'కుడ్ యూ సే దట్ అగైన్, ప్లీజ్?' కూడా వాటిలో ఒకటి. అర్థం కాని ప్రశ్నకు మౌనంగా నిలబడటం కంటే మళ్లీ అడగడం ఎంతో నయం.

పావుగంటలో తల్లి చేయకూడని పని ఒకటుంది: వాక్యం మధ్యలో ఆపి తప్పు దిద్దడం. ఆపిన ప్రతిసారీ పాప తర్వాతి వాక్యాన్ని భయపడి కుదిస్తుంది, అలా రెండోదైన సాఫీదనం దెబ్బతింటుంది. ఫోన్‌లో రికార్డు చేసి, అయ్యాక పాపకే వినిపిస్తే చాలు. తల్లి చూడాల్సినవి రెండే: అడిగినదానికే చెప్పిందా, మధ్యలో ఎంతసేపు ఆగిపోయింది. రెంటికీ ఇంగ్లీషు అక్కర్లేదు.

ఉచ్చారణ విషయంలో దొరల యాస ఎవరూ అడగరు. మాట స్పష్టంగా అర్థం కావాలి, అంతే. తెలుగు పిల్లలకు సాధారణంగా అడ్డుపడేవి కొన్నే. హల్లుతో ముగిసే మాటకు చివర 'ఉ' తగిలించి 'బుక్కు', 'గుడ్డు' అనడం ఒకటి. మాటలో ఏ అక్షరం దగ్గర గొంతు పెంచాలో తెలియక అన్నిటినీ ఒకే బరువుతో పలకడం ఇంకొకటి. ఏ మాటలు సరిచేసుకోవాలో టీచరునే ఐదారు గుర్తుపెట్టి ఇమ్మని అడగొచ్చు. వందల మాటల జాబితా ఇస్తే మాట్లాడేటప్పుడు పిల్ల ధ్యాసంతా దాని మీదే ఉంటుంది.

ఉత్తరం ఎప్పుడు పంపాలన్నదీ ముఖ్యమే. చివరి మూల్యాంకనం ఎప్పుడన్నది బడి తన వీలును బట్టి పెట్టుకుంటుంది, సాధన మాత్రం ఏడాది పొడవునా జరగాలని బోర్డు చెప్తుంది. కాబట్టి మూడు నాలుగు వారాల ముందు రాసిన ఉత్తరానికి తరగతిలోనే పాపను జంటగా మాట్లాడించి చూసే వ్యవధి టీచరుకు ఉంటుంది. ముందురోజు సాయంత్రం రాస్తే ధైర్యం చెప్పడం తప్ప టీచరు చేయగలిగింది లేదు.

పరీక్ష అయ్యాక రెండు వాక్యాల చీటీ మరొకటి రాయవచ్చు: నాలుగింటిలో ఏది తక్కువ స్థాయిలో ఉంది, ఏ ప్రశ్న దగ్గర ఆగింది. మార్కుల వివరాలను ఫలితాలు వచ్చాక మూడు నెలల దాకా బడి దగ్గరే ఉంచాలన్నది నియమం కనుక, టీచరు ఆ కాగితం చూసే జవాబు చెప్పగలరు. పదకొండో తరగతిలోనూ మాట్లాడే పరీక్ష ఉంటుంది, వేసవి సెలవుల్లో ఏం సాధన చేయించాలో ఆ జవాబును బట్టి తేలుతుంది.